జ్వరం రాని టీకా

ఆ ఏడు టీకా పనిచేయలేదని మా వైపు పెళ్లిళ్లలో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు. పనిచేయనివ్వలేదని చెప్పండి అంటాను నేను. విస్తరి ముందు కూర్చుని ఉన్నా సరే, అన్నం ఆపి చెబుతాను. ముసల్దాని చాదస్తం అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. చచ్చిన పశువులను ఊరవతలికి ఈడ్చిన దారి నేను చూశాను. వాళ్లు చూడలేదు.

అది 1963 ఎండాకాలం. నాకు ఇరవై మూడేళ్లు. హైదరాబాదులో బీఎస్సీ ముగించి, కరీంనగర్‌లో పశువుల దవాఖానను ఆనుకుని ఉన్న రెండు గదుల ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరాను. పేడ, రక్తం, చీము పరీక్ష చేయడం, టీకా సీసాలను చల్లగా కాపాడడం నా పని. ఊళ్లకు టీకాలు వేయడానికి వెళ్లేటప్పుడు డాక్టర్ సాబ్ నన్ను కూడా జీపులో ఎక్కించుకునేవాడు. ఆయన నా పైఅధికారి. నైజాం కాలంలో చదువుకుని కొలువులో చేరినవాడు. సూది వేసే చెయ్యి చాలా తేలిక. పశువు తోక కూడా ఆడించేది కాదు. మాట మర్యాద కూడా ఎక్కువే. ఆ మర్యాదే ఆ ఊరిని ముంచింది.

ఊరు వేములవాడ దారిలో ఉంది. అది మా పెద్దవ్వ ఊరు. మా వైపు అమ్మను అవ్వ అంటాం; పెద్దవ్వ అంటే మా అమ్మకు అక్క. పెనిమిటి పోయాడు. కొడుకులు లేరు, ఉన్న ఒక్క బిడ్డను పక్క ఊరికి ఇచ్చింది. పెద్దవ్వకు ఉన్నది చెరువు కింద కొంత పొలం, ఒక తెల్లెద్దు, ఒక కర్రెద్దు. ఆ ఎడ్లు ఉంటేనే ఆమెది వ్యవసాయం. లేకపోతే ఆ పొలం పంటలో పాలుకు ఇచ్చి, ఆమె ఇంకొకరి పొలంలో కూలికి దిగాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అందరికంటే బాగా ఆమెకు తెలుసు. తను తినే ముందు ఎడ్లకు కుడితి పెట్టేది.

భైంసా వైపు నుంచి పశువుల మందలు దిగుతున్నాయనీ, వాటిలో పెద్దరోగం ఉందనీ కబురు వచ్చింది. పుస్తకాల్లో దాన్ని రిండర్‌పెస్ట్ అంటారు. ముందు కళ్ల వెంట నీళ్లు, తర్వాత నోట్లో తవుడు అద్దినట్టు పుండ్లు, ఆ తర్వాత ఆగని పారుడు. వారం, పది రోజుల్లో పశువు లేవలేకపోతుంది. మందు లేదు. టీకా ఒక్కటే దారి. అది కూడా రోగం రాకముందు వేయాలి.

ఆ టీకా అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అది చచ్చిన మందు కాదు. పెద్దరోగం వైరస్‌నే తీసుకుని, మేకల్లో ఒకదాని తర్వాత ఒకదానిలో పెంచుకుంటూ పోతే అది పశువు మీద కోరలు మొద్దుబారిన వైరస్ అవుతుంది. దాన్ని మేక ప్లీహం నుంచి తీసి, ఎండబెట్టి, చిన్న సీసాల్లో పోసి పంపేవారు. మేము చల్లని ఉప్పునీళ్లలో కలిపి చర్మం కింద వేసేవాళ్లం. వేసిన వైరస్ పశువు కణాల్లోకి వెళ్లాలి. అక్కడ కొంచెం పెరగాలి. అప్పుడే పశువు ఒంటికి దాని ముఖం తెలుస్తుంది. మూడు, నాలుగు రోజులకు కొన్ని పశువులకు జ్వరం వస్తుంది, పాలు తగ్గుతాయి. ఆ జ్వరం టీకా లోపలికి చేరిందనడానికి గుర్తు. కోపం వచ్చేది ఇక్కడే. ఆ గుర్తునే వద్దన్నారు.

వద్దన్నది పటేలు. ఊరి పెద్ద, ఊళ్లో సగం భూమి ఆయనదే. మేము దిగేసరికి చావడి ముందు కుర్చీలు వేయించి, చాయ్ పోయించి ఉన్నాడు.

"డాక్టర్ సాబ్, పోయినేడు ఇంకో దిక్కు ఊర్లల్ల వేరే డాక్టరు గీ టీకా ఏసిండు. పశులకు జరం అచ్చింది, బర్లు పాలియ్యలే. నాయి పాలిచ్చే బర్లు. జరం రాకుండ చూడున్రి."

"దానికేం ఫికర్ లేదు పటేల్ సాబ్," అన్నాడు డాక్టర్ సాబ్. "టీకాతో పాటు సీరం కూడా వేస్తాను. జ్వరం దగ్గరికి కూడా రాదు."

సీరం అంటే పెద్దరోగం వచ్చి బతికిన పశువుల రక్తం నుంచి తీసిన తేట. అందులో వైరస్‌ను పట్టుకునే ప్రతిదేహాలు ఉంటాయి. రోగం ఊళ్లోకి దిగిపోయినప్పుడు అది కొద్ది రోజులు కాపాడుతుంది. జీపులో దాని పెట్టె ఒకటి ఉంది.

నేను డాక్టర్ సాబ్‌ను పక్కకు పిలిచాను. "రెండూ కలిపి వేస్తే టీకా దండగ సార్. వైరస్ కణానికి అంటుకోకముందే సీరం దాన్ని చుట్టేస్తుంది. కణంలోకి పోకపోతే అది పెరగదు. పెరగకపోతే పశువుకు రక్షణ రాదు. సీరం రక్షణ రెండు వారాలు ఉంటుంది, అంతే."

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచి నేను ఈ పని చేస్తున్నాను. ఒక పక్క రోగం పశువు రక్తం, ఇంకో పక్క సీరం. వేల పశువులకు వేశాను. బతికాయి."

"అప్పుడు వేసింది అసలు వైరస్ సార్. బలమైనది. సీరం ఎంత పట్టుకున్నా కొంత తప్పించుకుని లోపలికి పోయేది. ఇది మెత్తబడింది. ఒక్కటి కూడా తప్పించుకోదు."

"నువ్వు సీసాలు చూసుకో."

అంతే. ఆయన అబద్ధం చెప్పలేదు. పాత పద్ధతిలో అది నిజంగానే పనిచేసింది. అసలు వైరస్‌ను అదుపులో పెట్టడానికి సీరం కావాల్సి వచ్చేది. వైరస్ మారింది, ఆయన చెయ్యి మాత్రం మారలేదు. సీరం లేకుండా టీకా వేయడం ఆయనకు కళ్లెం లేకుండా గుర్రాన్ని వదిలినట్టు ఉండేది. ఇన్నేళ్ల తర్వాత ఇంత వివరంగా ఆయన తరఫున చెబుతున్నాను కానీ, ఆ రోజు నాకు ఆయన మీద దయ లేదు. ఇవాళా పెద్దగా లేదు.

పటేలు పశువులకు రెండు సూదులు పడ్డాయి. అది చూసిన ఊరు ఊరుకుంటుందా? "పటేలు పశులకు రెండు, మా పశులకు ఒకటా?" అని మొదలైంది. నైజాం పోయినా, రజాకార్లు పోయినా, దొర మందు వేరు, మా మందు వేరు అనే మాట ఆ ఊళ్లో ఎవరికీ మింగుడుపడేది కాదు. వాళ్ల తప్పు లేదు. నిన్నటిదాకా అన్నీ వేరుగానే ఇచ్చారు.

పెద్దవ్వ ఎడ్లను పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"బిడ్డా, నాయిటికి సుత రెండు సూదులు ఎయ్యి."

"వద్దు పెద్దవ్వా. ఒక్కటే చాలు. రెండోది మొదటిదాన్ని చెడగొడ్తది."

"పటేలుకు చెడగొట్టలే, నాకు చెడగొడ్తదా?"

"ఆయనకు కూడా చెడగొట్టింది. నా మాట ఇను. రెండు దినాలు జరమస్తది, పోతది."

"జరమస్తే నా ఎడ్లకు ఎవడు జిమ్మ? నువ్వా?" నలుగురి ముందు గొంతు పెంచింది. "సూడున్రి, నా చెల్లె బిడ్డ. పట్నంల సదివింది. సొంత పెద్దవ్వకు మందు దాస్తుంది!"

జనం నవ్వారు. నేను ఇంకేదో చెప్పబోయేలోగా డాక్టర్ సాబ్ వచ్చాడు. "పెద్దమ్మా, నువ్వు పరేషాన్ కాకు. నేను వేస్తా కదా" అని తెల్లెద్దుకు ఒక పక్క టీకా, ఇంకో పక్క సీరం వేశాడు. కర్రెద్దుకూ అలాగే. పెద్దవ్వ ఆయనకు దండం పెట్టింది. నా వైపు చూడకుండా ఎడ్లను తోలుకుని వెళ్లిపోయింది.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి సీరం అయిపోయింది. ఊరి చివరి వాడ మిగిలింది. ఆ వాడలో పశువులు తక్కువ. అక్కడి వాళ్లకు సొంతంగా ఉన్నవి కొన్ని, వేరేవాళ్లవి తెచ్చి సగం పాలుకు పెంచుతున్నవి కొన్ని. వాటికి టీకా ఒక్కటే వేశాం. చచ్చిన పశువులను ఊరవతలికి ఈడ్చే పని చేసే ముసలాయన ఒకడు అక్కడ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అయిపోయిందా అమ్మా మంచి మందు?" అన్నాడు. "గంతే లే. ఊరంత తిన్నంక మాకు మిగిలేది సట్టి అడుగే."

"ఇదే మంచి మందు తాతా," అన్నాను.

"అట్లనే అంటరు. దొర గడీల మిగిలిన అంబలి పోసేటప్పుడు సుత గిదే మంచిదనెటోళ్లు."

నాలుగో రోజుకు ఆ వాడ పశువులకు జ్వరం వచ్చింది. మేత తినలేదు. ఒక బర్రె పాలు ఎండిపోయాయి. ఆ వాడ ఆడవాళ్లు మమ్మల్ని బూతులు తిట్టారని తర్వాత విన్నాను. మిగతా ఊరి పశువులు హాయిగా నెమరేశాయి. పటేలు మాకు కరీంనగర్‌కు నెయ్యి పంపించాడు. డాక్టర్ సాబ్ ఆ డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడు. టీకా దండగట!"

నేను నెయ్యి ముట్టుకోలేదు. పెద్ద వీరత్వం కాదు. కోపంతో ఆకలి వేయలేదు.

సీరం రెండు వారాలకు కరిగిపోతుంది. అది పశువు సొంతంగా తయారుచేసుకున్నది కాదు, అరువు. అది పోయాక ఆ పశువుల ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఊరు మాత్రం టీకా పడిందనే ధీమాతో ఉంది. సంతకు పోయింది, మందలను కలిపి మేపింది, కొత్త పశువులను కొని తెచ్చుకుంది. అసలు టీకానే వేయకపోయి ఉంటే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండేవాళ్లు.

మే నెల చివర రోగం దిగింది. మొదట పటేలు దొడ్లో. తర్వాత పెద్దబజారు. ఆ తర్వాత అంతటా.

నేను వెళ్లేసరికి పెద్దవ్వ తెల్లెద్దు పోయింది. కర్రెద్దు పడుకుని ఉంది. కళ్ల కింద చారలు, మూతి చుట్టూ నురగ, వెనక అంతా పారుడు. ఆ వాసన ఒకసారి ముక్కులో పడితే పోదు. పెద్దవ్వ దాని పక్కన కూర్చుని గంజి పోస్తోంది. గంజి నోటి పక్క నుంచి కారిపోతోంది. పుండ్ల మీద తగిలి ఎద్దు తల విదిలించుకుంటోంది.

"పోయకు పెద్దవ్వా. దానికి నొప్పి."

"నీకేం ఎరుక నొప్పి?" అంది. మళ్లీ గంజి గిన్నె ఎత్తింది.

కర్రెద్దు మర్నాడు పోయింది. చివరి వాడ ముసలాయన, ఇంకో ఇద్దరు వచ్చి తాళ్లు కట్టారు. ఆ తాళ్లతో వాళ్లు ఆ వారం ఎన్ని పశువులను ఈడ్చారో నేను లెక్క రాసుకున్నాను. ఇక్కడ రాయను. చదివేవాళ్లకు అంకె గుర్తుంటుంది, వాసన గుర్తుండదు. ముసలాయన ఈడుస్తూ ఈడుస్తూ నా దగ్గర ఆగాడు.

"అమ్మా, ఒక్క ముచ్చట అడుగుత. మా వాడల ఒక్కటి సుత పడలే. ఎందుకు?"

"మీ పశువులకు జరమచ్చింది గద తాతా. అందుకే."

ఆయన తాడు భుజం మార్చుకున్నాడు. "గీ జరం ఊరందరికి రాకపాయె," అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. ఊళ్లో పశువులు లేకపోతే వాళ్లకు పని కూడా లేదు.

కరీంనగర్‌లో డాక్టర్ సాబ్ మాట సిద్ధం చేసుకుని ఉన్నాడు. టీకా చెడిపోయిందన్నాడు. మంచు కరిగిపోయి ఉంటుందన్నాడు. మంచు చూసుకునే పని ఎవరిదో అందరికీ తెలుసు. పేరు పెట్టి నన్ను అనలేదు. మర్యాదస్థుడు కదా.

"మంచు కరిగితే చివర వేసిన పశువులు ముందు చావాలి సార్," అన్నాను. "ఒకే రోజు, ఒకే ఫ్లాస్క్, ఒకే టీకా. ఉదయం వేసినవి చచ్చాయి, మధ్యాహ్నం వేసినవి బతికాయి. మధ్యలో మారింది సీరం ఒక్కటే."

"ఆ వాడకు రోగం తగిలి ఉండదు."

"చచ్చిన పశువులను చేతులతో ఈడ్చింది ఆ వాడే సార్. ఆ చేతులతోనే వాళ్ల పశువులకు మేత వేశారు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఎల్లుండి పక్క ఊరు వెళ్తున్నాం. ఈసారి సీరం ఎక్కువ తీసుకుంటాం. ఎవరికీ తక్కువ కాకుండా."

ఆ పక్క ఊరే పెద్దవ్వ తన బిడ్డను ఇచ్చిన ఊరు. దుక్కులు మొదలయ్యే మిరుగు కార్తె ముంగిట్లో ఉంది. ఇక పెద్దవ్వ పొలం దున్నాలంటే అల్లుడి ఎడ్లే దిక్కు.

ఆ సాయంత్రమే బస్సెక్కి పెద్దవ్వ దగ్గరికి వెళ్లాను. ఖాళీ కొట్టంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేనే నీళ్లు ముంచుకుని తాగాను.

"ఎల్లుండి అల్లుడి ఎడ్లకు టీకా ఏస్తున్నరు. సీరం వద్దని ఆయనకు చెప్పు."

"నేనెట్ల చెప్త? ఏమని చెప్త? నువ్వు గా దినం చెప్పినది ఒక్క ముక్క సమజ్ కాలే. ఒకటి ఇంకోదాన్ని చెడగొడ్తది అన్నవ్. ఎందుకు చెడగొడ్తది? నువ్వు చెప్పవు. నీ నోట్ల సదువు నాన్తది గని బయటికి రాదు."

నాకు కోపం వచ్చింది. ఆమె కోపం ముందు నా కోపం చిన్నది కాబట్టి కూర్చున్నాను.

"పెద్దవ్వా, గడీ నుంచి జవాను చిట్టీ పట్టుకొని మీ ఇంటికొస్తే ఏమయ్యేది?"

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "వెట్టి. ఇంకేమయితది?"

"ఎట్ల చేయించెటోడు?"

"ఎట్లనేంది? పొయ్యి మనది, పిండి మనది, కట్టెలు మనయి, చేతులు మనయి. రొట్టెలు గడీకి. మన పొల్లగాండ్లు ఆకలికి ఏడ్సెటోళ్లు. వానికేముండె, చేతుల చిట్టీ తప్ప!"

"రోగం పురుగు సుత గంతే. వైరస్ అంటరు. దానికి పొయ్యి లేదు, పిండి లేదు, చేతులు లేవు. ఒంటి మీద చిన్న చిన్న కొక్కేలు, లోపల ఒక చిట్టీ. గా చిట్టీల 'నా అసుంటోళ్లను చెయ్యి' అని రాసి ఉంటది. చిట్టీకి నకళ్లు తీసే ఒక కలం మాత్రం ఎంట తెచ్చుకుంటది. ఎద్దు ఒంట్ల సన్న సన్న ఇండ్లు లెక్కలేనన్ని ఉంటయి, వాటిని కణాలంటరు. పురుగు కొక్కెంతోటి ఒక ఇంటి తలుపు పట్టుకుంటది. దాని పొర, ఇంటి పొర ఒకటైతయి. చిట్టీ లోపలికి జారుతది. గా ఇంటి పొయ్యి మీదనే, గా ఇంటి పిండితోనే వెట్టి మొదలైతది. ఒక్క చిట్టీకి వందల నకళ్లు. ఒక్కొక్క నకలు ఒక్కొక్క జవాను చేతికి. ఇల్లు కూలేదాక చేయించుకుంటది. ఆడికెల్లి జవాన్లు పక్కిండ్లకు పోతరు."

పెద్దవ్వ కొట్టం నేల వైపు చూస్తోంది. కర్రెద్దు పడుకున్న చోట పేడ ఎండి ఉంది.

"మరి టీకా?"

"టీకా ముసలి జవాను. వాడు సుత తలుపు తీస్తడు, లోపలికొస్తడు, ఏదో జర వెట్టి చేయిస్తడు. గని ఇల్లు కూల్చే సత్తువ లేదు. వాన్ని చూసి ఊరు మేల్కొంటది, వాని ముఖం గుర్తుపెట్టుకుంటది. గా మేల్కొనుడే జరం. తర్వాత అసలు జవాను వస్తే పొలిమేరలనే పట్టుకొని తంతది."

"సీరం?"

"సీరం పక్కూరి నుంచి అరువు తెచ్చిన కావలోళ్లు. వాళ్లు ముసలి జవాను చేతులు పొలిమేరలనే కట్టేసిన్రు. వాడు ఏ తలుపు పట్టలే, ఏ ఇంట్లకు రాలే. ఊరు వాన్ని చూడనే లేదు. రెండు వారాలకు కావలోళ్లు ఎల్లిపోయిన్రు. గప్పుడు అసలోడు అచ్చిండు."

పెద్దవ్వ ఆ ఎండిన పేడను గోటితో గీకింది. తర్వాత పళ్లు కొరికింది.

"గింతేనా?" అంది. "గింత చిన్న ముచ్చట. గా దినం ఎందుకు చెప్పలే?"

"చెప్పనియ్యలే. డాక్టరు అడ్డమచ్చిండు, నువ్వు ఆయనకు దండం పెట్టినవ్."

"పెట్టిన. నీ మీద కోపానికి పెట్టిన." ఆమె లేచి కొంగు దులుపుకుంది. "పటేలుకు జరం వద్దు. డాక్టరుకు పటేలు నారాజ్ కావద్దు. మాకు పటేలు కంటె తక్కువ కావద్దు. అందరికి అన్ని దొరికినయ్. నా ఎడ్లు సచ్చినయ్."

ఆ ఏడు జరిగినదాని మీద నేను ఎన్నో కాగితాలు రాశాను. ఒక్క దానికీ జవాబు రాలేదు. పెద్దవ్వ అన్న ఆ మాట కంటే సరైన మాట ఏ కాగితంలోనూ రాయలేకపోయాను.

అనుకున్న రోజు పక్క ఊళ్లో చింతచెట్టు కింద బల్ల వేశారు. రెండు పెట్టెల సీరం దించారు. డాక్టర్ సాబ్ చొక్కా చేతులు మడుస్తున్నాడు. పెద్దవ్వ అల్లుడి ఎడ్లను తనే పట్టుకుని వరసలో ముందు నిలబడింది. అల్లుడు వెనకాల సిగ్గుపడుతూ ఉన్నాడు.

"పెద్దమ్మా, నువ్వా!" అన్నాడు డాక్టర్ సాబ్. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "నీ ఎడ్ల సంగతి విన్నాను. ఈసారి సీరం దండిగా తెచ్చాం."

"నీ సీరం నీ కాడనే పెట్టుకో సారు. ఒక్క సూదే ఎయ్యి."

"జ్వరం వస్తుంది పెద్దమ్మా."

"రానియ్యి." ఆమె జనం వైపు తిరిగింది. "ఇనుండ్రి! నాకు రెండు సూదులు పడ్డయి. నా ఎడ్లకు జరం రాలే. నవ్వుకుంట తోలుకపోయిన. నెల తిరుగకముందే రెండు ఎడ్లను తాళ్లు కట్టి ఈడ్సిన్రు. మా ఊరి చివరి వాడల ఒక్కటే సూది పడ్డది, జరమచ్చింది, ఒక్కటి సుత సావలే. పోయి చూసి రాండ్రి, గింత దూరం లేదు!"

వరసలో ఎవడో నవ్వాడు. "ముసల్దానికి ఎడ్లు పోయి మతి పోయింది."

"మతి ఉన్నోనివి, నువ్వు రెండు ఏయించుకో," అంది పెద్దవ్వ. "నీ ఎడ్లను ఈడ్వనీకి తాడు నేను పంపిస్త."

ఇక ఎవడూ నవ్వలేదు. తాడు మాట రైతుకు తగిలినట్టు ఇంకే మాటా తగలదు.

డాక్టర్ సాబ్ నా వైపు చూశాడు. నేను నేర్పానని ఆయనకు అర్థమైంది. నేను కళ్లు దించుకోలేదు. "వద్దంటే బలవంతం ఏమీ లేదు," అన్నాడు చివరికి, మామూలు మర్యాదతోనే. ఒక్క సూది వేశాడు. వెనక ఉన్నవాడు కూడా ఒక్కటే అన్నాడు. ఆ వెనకవాడూ అంతే. ఇద్దరు ముగ్గురు మాత్రం రెండూ వేయించుకున్నారు. వాళ్ల పశువులను నేను తర్వాత చూడడానికి వెళ్లలేదు. వెళ్లాల్సిందే.

పెద్దవ్వ తన బిడ్డ ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే లేచి కొట్టంలోకి పోయి ఎడ్ల చెవులు పట్టుకుని చూసేదట. ఒక ఆదివారం నేను వెళ్లాను. చీకటి ఇంకా పూర్తిగా విడవలేదు. ఆమె ఎద్దు చెవిని గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. మేత ముట్టలేదట. అల్లుడు గుమ్మంలో నిలబడి తిట్టుకుంటున్నాడు.

"నీ మాట ఇని సర్వనాశనమైతున్న అత్తా. చూడు, కాల్తుంది."

"కాలనీ." ఆమె నా చెయ్యి లాగి ఆ చెవి మీద పెట్టింది. చెవి వేడిగా ఉంది. "వచ్చిండా లోపలికి ముసలోడు?"

"వచ్చిండు పెద్దవ్వా."

ఆమె ముఖంలో వెలుగు ఏమీ రాలేదు. చెయ్యి తీయకుండా అలాగే నిలబడింది. "నా తెల్లెద్దు చెవి గిట్ల కాలలే," అంది. "సల్లగుండె. నేను సంబురపడ్డ."

ఆ ఎడ్లకు రోగం రాలేదు. అల్లుడు ముందు తన పొలం దున్నుకున్నాడు, మిగిలిన అదనులో అత్త పొలం దున్నాడు. అదను తప్పింది కాబట్టి పంట సగమే వచ్చింది. పటేలు కొత్త బర్లను కొన్నాడు. డాక్టర్ సాబ్‌కు పై ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నన్ను బాగా చదువుకోమని దీవించాడు.

నేను చదువుకున్నాను. ఆ వైరస్ పట్టుకునే తలుపు పిడి ఏదో ఆ కాలంలో ఎవరికీ తెలియదు. నా తల పూర్తిగా నెరిసిన తర్వాత తెలిసింది. తెల్లరక్తకణాల మీద ఉండే ఒక మాంసకృత్తు. తలుపు పేరు తెలిసింది కానీ, పెద్దవ్వకు చెప్పిన దాంట్లో దిద్దుకోవాల్సింది ఏమీ కనిపించలేదు. ఇప్పుడు ఆ రోగం లోకంలోనే లేదట. మంచిదే. అయినా ఎవరైనా ఆ ఏడు టీకా పనిచేయలేదంటే నేను అన్నం ఆపుతాను. ముసలి జవాను తన పని తను చేయడానికే వచ్చాడు. పొలిమేరలో వాడి చేతులు కట్టింది మేము.